డెలివరీ యాప్ ప్రతిపాదన: స్టోర్ యాప్ మేలా, వెబ్ యాప్ మేలా?

నమస్కారం అండి,

మీరు అడిగిన డెలివరీ యాప్‌ను రెండు రకాలుగా చేయొచ్చు. ఒకటి ప్లే స్టోర్, యాప్ స్టోర్‌ల నుంచి డౌన్‌లోడ్ చేసుకునేది. రెండోది లింకు నొక్కగానే బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్ యాప్. కొనేవాళ్లకు వెబ్ యాప్, మీకు మాత్రం చిన్న ఆండ్రాయిడ్ యాప్ ఇద్దామని నా సూచన.

నెలకు రెండు మూడుసార్లు కొనేవాళ్లు ఒక్క షాపు కోసం యాప్ వేసుకోవడానికి బద్ధకిస్తారు. కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ అతికిస్తే స్కాన్ చేసి నేరుగా సరుకుల పేజీకి వచ్చేస్తారు. స్టోర్ యాప్‌కు వేరే తిప్పలూ ఉన్నాయి. గూగుల్ ఖాతాకు ఒకసారి 25 డాలర్లు, ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి. గూగుల్‌లో కొత్తగా తెరిచే వ్యక్తిగత ఖాతా అయితే, కనీసం 12 మంది వరసగా 14 రోజులు టెస్టింగ్‌లో ఉన్నాకే విడుదలకు దరఖాస్తు పెట్టుకోనిస్తారు. తర్వాత చిన్న తప్పు సరిదిద్దినా మళ్లీ వాళ్ల రివ్యూ కోసం ఆగాలి. వెబ్‌లో అయితే సరిచేసిన వెంటనే అందరికీ కొత్తదే కనిపిస్తుంది.

వెబ్ యాప్‌కూ ఒక లోటుంది. ఐఫోన్‌లో దాన్ని హోమ్ స్క్రీన్‌కు చేర్చుకుంటేనే నోటిఫికేషన్లు వస్తాయి, చాలామంది ఆ పని చేయరు. అందుకే ఆర్డర్ కబుర్లు ఎస్ఎంఎస్‌లో పంపిస్తాను.

మీ వైపు సంగతి వేరు. స్క్రీన్ ఆపి ఫోన్ పక్కన పెడితే బ్రౌజర్ నోటిఫికేషన్ ఆలస్యం కావచ్చు, వచ్చినా చిన్న టింగుమనే శబ్దం బేరాల మధ్య వినబడదు. ఆండ్రాయిడ్ యాప్ అయితే మీరు చూసేదాకా గంట మోగుతూనే ఉండేలా చేయొచ్చు. దానికి ఫోన్ సెట్టింగుల్లో బ్యాటరీ సేవర్ నుంచి మినహాయింపు ఇవ్వాలి, అది నేనే చేసిపెడతాను. అప్పటికీ మూడు నిమిషాల్లో ఎవరూ చూడకపోతే మీ రెండో నంబరుకు ఫోన్ వెళ్తుంది.

ఇలా అనుకోండి: అయిదు వస్తువుల ఆర్డర్ వచ్చింది, అందులో ఒకటి అయిపోయింది. మీరు దాని పక్కన ‘లేదు’ నొక్కితే బిల్లు తగ్గి, కొత్త మొత్తం కొన్నవాళ్లకు ఎస్ఎంఎస్‌లో వెళ్తుంది. వాళ్లు సరేనన్నాకే సరుకు బయల్దేరుతుంది. ముందే డబ్బు కట్టించుకుంటే ఇలాంటి ప్రతిసారీ రిఫండ్ టెన్షన్ మొదలవుతుంది. కాబట్టి మొదట్లో సరుకు చేరాకే డబ్బు తీసుకుందాం.

డెలివరీ మనిషి ఎక్కడున్నాడో మ్యాప్‌లో చూపించడం ఇప్పుడే వద్దంటాను. స్క్రీన్ ఆగితే బ్రౌజర్ లొకేషన్ పంపదు, కాబట్టి అతనికీ వేరే యాప్ చేయాలి. ‘బయల్దేరాను’ అనే బటన్, అతని ఫోన్ నంబరు చాలు.

డొమైన్, సర్వర్ ఖాతాలు మీ పేరు మీదే తెరుస్తాను. రేపు మీరు వేరే డెవలపర్ దగ్గరికి వెళ్లినా షాపు ఆగకూడదు.

సరుకు చేర్చేది మీ మనుషులేనా, బయటివాళ్లా? అది చెబితే పని గడువు, ఖర్చు రాసి పంపిస్తాను.