ఫీఫీలో సముద్రం పాలైన కళ్ళద్దాలు, ఫుకెట్‌లో చేయించినవి

నల్లగొండ నుంచి అక్క, బావ, అమ్మ, నేను థాయ్‌లాండ్ వెళ్ళాం. ముందు ఫీఫీ దీవి, తర్వాత ఫుకెట్, చివర బ్యాంకాక్. ఫీఫీ అందం గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను వేరే సంగతి చెప్తాను. ఆ దీవిలో కార్లు తిరిగే రోడ్లు లేవు. రేవులో దిగాక రిసార్టు వాళ్ళు సామాను తోపుడు బండి మీద వేసుకుపోతారు, మనం వెనక నడవాలి. సందుల నిండా చలువ అద్దాల దుకాణాలున్నాయి గానీ, పవర్ అద్దాలు చేసిచ్చే షాపు మేం వెతికినంత వరకు కనబడలేదు. ఉన్నది ఒక్క జతే అయితే దీవిలో బస వద్దనే నా సలహా. ఫుకెట్‌లో దిగి పొద్దున పోయి సాయంత్రం వచ్చేయొచ్చు.

స్పీడ్ బోటు ఒక అల మీద ఎగిరినప్పుడు బావ కళ్ళద్దాలు జారి నీళ్ళలో పడ్డాయి. ఆయనకు రెండు కళ్ళకూ మైనస్ నాలుగున్నర, దాంతోపాటు ముప్పావు సిలిండర్, అంటే కంటి వంపులోని తేడాను సరిచేసే పవర్. మైనస్ నాలుగున్నర అంటే ఏమిటో లెక్క తేలికే. వందను నాలుగున్నరతో భాగిస్తే ఇరవై రెండు సెంటీమీటర్లు. జానెడు దూరం వరకు అక్షరం స్పష్టం, ఆపైన అంతా మసక. సాయంత్రం రిసార్టు మెట్లు దిగాలన్నా అక్క చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. "మనిషి కనిపిస్తుండు గని మొఖం కనిపిస్తలేదు" అన్నాడు. రిసెప్షన్ అమ్మాయి మంచిది, మర్నాడు మొదటి ఫెర్రీకి టికెట్లు మార్పించింది. రస్సాడా జెట్టీకి దాదాపు రెండు గంటల ప్రయాణం. అలా దీవిలో మేం అనుకున్న రెండో రోజు పోయింది.

ఫుకెట్‌లో మాల్‌లోని కళ్ళద్దాల షాపుకు వెళ్ళాం. అక్కడ డాక్టర్ చీటీ అడగలేదు, పరీక్ష వాళ్ళే చేశారు. అయితే చీటీతో పనేముంది అనుకోవచ్చు. పనుంది. గడ్డం ఆనించి బొమ్మలోకి చూసే మిషన్ మైనస్ అయిదు అని చూపింది. నల్లగొండలో రాసిచ్చిన చీటీ ఫొటో అక్క ఫోన్‌లో ఉంది, అందులో నాలుగున్నర. మిషన్‌లోకి చూసేటప్పుడు కన్ను తనకు తెలియకుండానే బిగుసుకుంటుంది, అందుకే మైనస్ ఎక్కువ చూపడం మామూలే. చీటీ చూపించి, ఆ పవర్ పెట్టి అక్షరాలు చదివించమని అడిగాం. నాలుగున్నరతో ఏ వరస చదివాడో అయిదుతోనూ అదే వరస చదివాడు, అక్షరాలు కాస్త నల్లగా చిన్నగా కనబడ్డాయంతే. ఆ తేడా చూసి అయిదుకు ఒప్పుకుంటే తర్వాత తలనొప్పి, కళ్ళు లాగడం. ఒకే వరస చదివించే పవర్లలో తక్కువ మైనస్ తీసుకోవడమే పద్ధతి. చేతిలో పాత లెక్క లేకపోతే ఈ మాట అడగడానికి మాకు ఆధారమే ఉండేది కాదు.

ఇక్కడొక జాగ్రత్త. మనూళ్ళలో చాలామంది దాచుకునేది మిషన్ నుంచి వచ్చే చిన్న కంప్యూటర్ కాగితాన్ని. అది చీటీ కాదు, పరీక్షకు మొదటి మెట్టు. అక్షరాలు చదివించాక రాసిచ్చే చివరి పవరే చీటీ. మిషన్ కాగితం అచ్చు కూడా కొన్నాళ్ళకు వెలిసిపోతుంది.

బావ లెన్సులు షాపులో రెడీగా ఉన్న రకమే. కొత్త ఫ్రేముకు కోసి బిగించి గంట దాటాక ఇచ్చారు. పవర్ బాగా ఎక్కువైనా, సిలిండర్ రెండు దాటినా ల్యాబుకు ఆర్డర్ పెట్టాల్సి వచ్చేదని చెప్పారు. తీసుకునేముందు ఒక్కో కన్ను మూసి దూరంగా ఉన్న బోర్డు చదివించాం, మాల్ నేల మీద అటూ ఇటూ నడిపించాం. నేల వాలినట్టో, పలకల గీతలు వంగినట్టో ఉంటే అక్కడే చెప్పాలి. సిలిండర్ ఏ కోణంలో ఉండాలో చెప్పే అంకెను యాక్సిస్ అంటారు, అది తప్పినప్పుడు అలా కనిపిస్తుంది. ఈ షాపు సేవకు నేను పూర్తి మార్కులు వేస్తాను.

బ్యాంకాక్‌లో కథ వేరు. హోటల్ గదిలో మంచం మీద పెట్టిన అమ్మ కళ్ళద్దాల కాడ మూల దగ్గర విరిగింది. లెన్సులకు ఏమీ కాలేదు. అవి ప్రోగ్రెసివ్ లెన్సులు, పైన దూరపు చూపు, కింద చదువు. ఆ లెన్సులనే కొత్త ఫ్రేములో బిగించమంటే షాపతను కుదరదన్నాడు. అతని మాట నిజమే. లెన్సు పాత ఫ్రేము ఆకారానికి కోసి ఉంది. ఇంకా చిన్న ఫ్రేముకు కోస్తే కింది చదువు భాగం తెగిపోతుంది, నల్లగుడ్డుకు ఎదురుగా ఉండాల్సిన చోటు జరిగిపోతుంది. కొత్త ప్రోగ్రెసివ్ చేయాలంటే వారం. మా విమానం అంతకు ముందే. అంటే పని గంటలో అవుతుందా, వారం పడుతుందా అనేది ముఖ్యంగా లెన్సు రకాన్ని బట్టి ఉంటుంది, ఊరిని బట్టి కాదు.

అప్పుడు చీటీలోని అంకెలు మళ్ళీ అక్కరకొచ్చాయి. అమ్మకు దూరానికి ప్లస్ ఒకటి, దానికి చదువు కోసం రెండున్నర ఆడ్. దూరానికి లేకపోయినా నడవగలదు. చదవడానికి మందుల షాపులో రెడీమేడ్ అద్దాలు ఉన్నాయి. నేను చెయ్యి చాపేలోపే అక్క రెండున్నర తీసి పెట్టింది. అమ్మ మెనూ కార్డును చెయ్యి పూర్తిగా చాచి పట్టుకుంది. "ఇంక దూరం పెట్టాల్నా బిడ్డా?" అంది. ఆడ్ అనేది దూరపు పవర్‌కు కలపాల్సిన అంకె. ఒకటి, రెండున్నర కలిపితే మూడున్నర. అది పెట్టగానే కార్డు మామూలు దూరానికి వచ్చింది. దూరానికి మైనస్ ఒకటి ఉన్నవాళ్ళకైతే అదే ఆడ్‌తో ఒకటిన్నరే చాలు. రెండు కళ్ళ పవర్లలో తేడా ఎక్కువున్నా, సిలిండర్ ఎక్కువున్నా రెడీమేడ్ పనికిరావు, అవి రెండు వైపులా ఒకే పవర్‌తో వస్తాయి.

విరిగిన జతను మేం పారేయలేదు. చీటీ లేనివాళ్ళకు అదే చీటీ. లెన్సోమీటర్ అనే పరికరంలో పెట్టి పవర్ చదువుతారు. లెన్సు ఫ్రేములోనే ఉండటం మేలు. ఊడిపోతే ఏది పైకో తెలియక యాక్సిస్ తప్పుతుంది. సూపర్ గ్లూతో మాత్రం అంటించొద్దు, దాని ఆవిరికే లెన్సు మీద తెల్లటి పొర పడుతుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళ సంగతి ఇంకా కష్టం. అక్కడ చెల్లే చీటీ లేకుండా షాపులు మామూలుగా పవర్ అద్దాలు చేయవు. మన చీటీని కొందరు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు అక్కడి పరీక్ష ఫీజు చేతి నుంచే పెట్టుకోవాలి, విజిటర్ ఇన్సూరెన్సులు మామూలుగా దీనికి డబ్బివ్వవు. చదువు అద్దాలు మాత్రం ఏ ఫార్మసీలోనైనా చీటీ లేకుండా దొరుకుతాయి. అక్కడికి పోయేవాళ్ళకు చీటీ కంటే రెండో జతే ముఖ్యం.

మేం వచ్చాక గడియారం సెంటర్ దగ్గర షాపులో అమ్మకు కొత్త ప్రోగ్రెసివ్ చేయించాం. పాత లెన్సుల్లో పావు పవరే తేడా కాబట్టి, అదే మోడల్ ఫ్రేము తెప్పించి వాటిని అందులోకి మార్పించాం. అది రెండో జత. గట్టి డబ్బాలో పెట్టి చేతి సంచిలోనే ఉంచాలి, విమానంలో లగేజీలో వేసే పెట్టెలో కాదు. చీటీ మీద నల్లగుడ్ల మధ్య దూరం రాసి లేదు, అడిగి రాయించాం. దూరానికి అరవై రెండు మిల్లీమీటర్లు, చదువుకు యాభై తొమ్మిది. పవర్లకు ముందు ప్లస్, మైనస్ గుర్తులు స్పష్టంగా రాయమని, 75 అని కాకుండా 0.75 అని పూర్తిగా వేయమని కూడా అడిగాం. ఆ చీటీ ఫొటో ఇప్పుడు అమ్మ ఫోన్‌లోనూ, నా ఫోన్‌లోనూ ఉంది. కాగితం నకలు ఒకటి పాస్‌పోర్టు కవర్లో పెట్టాం.