రంగుల మధ్య తెల్ల గీత: మెషీన్ సరిచేయాలా, ట్రాప్ వేయాలా, కింద రంగు పరచాలా?

స్వీట్ బాక్సు పని. మెరూన్ నేల మీద పసుపు అక్షరాలు. రెండూ స్పాట్ రంగులే, అంటే ఒక్కోటి ముందే కలిపిన ఒక్క ఇంకు, ఒక్కోదానికీ విడి ప్లేటు. సింగిల్ కలర్ ఆఫ్‌సెట్ మెషీన్ మీద మొదటి రోజు పసుపు వేశాం, మర్నాడు మెరూన్. షీట్లు ఆరాక చూస్తే, షీటు ఎడమ మూలనున్న బాక్సులో "పూతరేకులు" అన్న మాటలో ప్రతి అక్షరానికీ కుడి అంచున వెంట్రుకంత తెల్ల గీత. ఎడమ అంచున ఏ తేడా లేదు, ఎందుకంటే అటువైపు పసుపు మెరూన్ కిందికి దూరిపోయింది.

నాలుగు రంగుల ఫోటోలో ఈ గీత అంతగా కనబడదు. పక్కపక్కన ఉన్న రంగులు రెండిట్లోనూ ఏదో ఒక ఇంకు సాధారణంగా ఉంటుంది కాబట్టి ప్లేటు కాస్త జరిగినా ఆ ఇంకు కాగితాన్ని కప్పేస్తుంది. స్పాట్ రంగులకు ఆ సాయం లేదు. ఫైలులో మెరూన్‌కి సరిగ్గా అక్షరమంత రంధ్రం పడుతుంది, దీన్నే నాకౌట్ అంటాం. ఆ రంధ్రంలో పసుపు అక్షరం కొలతకు కొలత కూర్చోవాలి. ఏది పిసరంత జరిగినా కాగితం బయటపడుతుంది.

దీనికి మూడు దారులున్నాయి. ఏది మేలో చెప్పేముందు తప్పు ఎంత ఉందో, ఎక్కడుందో కొలవాలి. ఈ కొలత తీయకుండా "పావు పాయింట్ ట్రాప్ వేసెయ్" అనడం దగ్గరే చాలా పనులు చెడుతున్నాయి.

మేం పని మొదట్లోవి, మధ్యలోవి, చివర్లోవి షీట్లు తీసి, మెషీన్ షీటుని పట్టుకునే గ్రిప్పర్ వైపు, దానికి ఎదుటి తోక వైపు ఉన్న రిజిస్టర్ మార్కులను, అంటే రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడ్డాయో లేదో చూపే గుర్తులను, భూతద్దంతో చూశాం. గ్రిప్పర్ దగ్గర తేడా దాదాపు 0.05 మిల్లీమీటర్లే. తోక మూలల్లో 0.15 దాకా ఉంది, అదీ ఎడమ మూలలో ఎడమకి, కుడి మూలలో కుడికి. ఈ రెండు మూలలే అసలు సంగతి చెప్పాయి. తేడా షీటంతా ఒకే దిక్కుకు, ఒకే కొలతలో ఉంటే అది షీటుని పక్కనుంచి సరిచూసే సైడ్ లే దగ్గరో ప్లేటు బిగింపులోనో ఉన్న లోపం, మెషీన్‌మన్ సరిచేయగలడు. ఒక్కో షీటుకి ఒక్కోలా ఉంటే ఫీడింగ్ చూడాలి. తోక దగ్గర రెండు వైపులకీ విచ్చుకుంటే మాత్రం కాగితం సాగింది. ప్లేటుని కుడికి జరిపితే ఎడమ మూల మరింత చెడుతుంది.

మొదటి దారి, మెషీన్ దగ్గరే రిజిస్ట్రేషన్ బిగించడం. ఇది ఎలాగూ చేయాల్సిందే. ఆఫ్‌సెట్‌లో ప్లేటు నీరు కొంత కాగితానికి చేరుతుంది. నారలు నీరు పీల్చి లావెక్కుతాయి కాబట్టి కాగితం గ్రెయిన్‌కి, అంటే నారలు పరుచుకున్న దిక్కుకి, అడ్డంగానే ఎక్కువ పెరుగుతుంది. గ్రెయిన్ సిలిండర్ పొడవునా ఉండేలా షీటు కోయించుకుంటే ఆ పెరుగుదల సిలిండర్ చుట్టూ తిరిగే దిక్కులో వస్తుంది, దాన్ని ప్లేటు, బ్లాంకెట్ల కింద వేసే ప్యాకింగ్ మార్చి కొంత సర్దవచ్చు. అయితే బాక్సు మడతకు గ్రెయిన్ మరో దిక్కులో కావాల్సి రావచ్చు. అప్పుడు మడతకే పెద్దపీట వేయక తప్పదు. ఇంకో పని సులువు: మొదటి రంగు వేసిన కట్టను రాత్రికి ప్లాస్టిక్ షీటుతో కప్పి ఉంచడం. మా పని వానాకాలంలో నడిచింది, కట్ట తెరిచే ఉంది. ఇవన్నీ చేస్తే తేడా తగ్గుతుంది కానీ సున్నా కాదు. అందుకే ఒక్క దీన్నే నమ్ముకోవద్దంటాను.

రెండో దారి ట్రాపింగ్. పసుపు అక్షరాన్ని ఫైలులోనే కొంచెం లావు చేసి మెరూన్ కిందికి పంపాలి. ఎప్పుడూ లేత రంగే ముదురు రంగులోకి వెళ్లాలి, ఎందుకంటే మన కంటికి ఆకారం చూపించేది ముదురు రంగు అంచే. ఆ అంచు కదలనంతవరకు అక్షరం మారినట్టు అనిపించదు. పొరపాటున మెరూన్‌ని పసుపులోకి పెంచితే అక్షరాలు సన్నబడతాయి. తెలుగులో ముందు దెబ్బతినేవి వత్తులూ గుడులూ.

Illustrator‌లో ఇది చేతితో చేయడం కష్టమేమీ కాదు. అక్షరానికి అదే పసుపు స్పాట్ రంగుతో స్ట్రోక్ ఇచ్చి, Window > Attributes లో Overprint Stroke టిక్ పెట్టాలి. స్ట్రోక్‌లో సగం లోపలికి, సగం బయటికి పోతుంది కాబట్టి కావలసిన ట్రాప్‌కి రెట్టింపు మందం ఇవ్వాలి. మూలలు సూదుల్లా పొడుచుకు రాకుండా Round Join పెట్టడం మంచిది. మా కొలత 0.15 మిల్లీమీటర్లు. పావు పాయింట్ ట్రాప్ అంటే దాదాపు 0.09 మిల్లీమీటర్లు, అది చాలదు. అర పాయింట్ అంటే 0.18, అది సరిపోతుంది. కాబట్టి స్ట్రోక్ 1 పాయింట్. టిక్ మర్చిపోతే ఆ స్ట్రోక్ మెరూన్ ప్లేటుని కూడా కోసేస్తుంది. అప్పుడు అక్షరం లావెక్కి, తెల్ల గీత అలాగే మిగులుతుంది. అందుకే ప్లేటుకి పంపేముందు Overprint Preview తెరిచి, అంచున రెండు రంగులు కలిసిన సన్నని పట్టీ కనబడుతోందో లేదో చూడాలి.

మూడో దారిలో అక్షరాలని పసుపు ప్లేటులో పెట్టనే పెట్టరు. బాక్సు నేలంతా పసుపు సాలిడ్ పరిచి, దానిమీద అక్షరాల రంధ్రాలున్న మెరూన్‌ని ఓవర్‌ప్రింట్ చేస్తారు. అక్షరం అంచు ఒక్క ప్లేటు మీదే ఉంది కాబట్టి కాగితం ఎంత సాగినా అక్షరం చుట్టూ తెల్ల గీత వచ్చే అవకాశమే లేదు. బదులుగా మెరూన్ రంగు మారుతుంది, పసుపు మీద పడి కొంచెం ఇటుక రంగు వైపు వెచ్చబడుతుంది. కాబట్టి అదే బోర్డు మీద పసుపు, మెరూన్ ఇంకులు ఒకదానిమీద ఒకటి వేసి పార్టీకి చూపించి ఒప్పించుకోవాలి. ఇంకు ఖర్చు పెరుగుతుంది, ఆరడానికి టైమూ పడుతుంది. పసుపు పూర్తిగా గట్టిపడేదాకా వదిలేస్తే దానిమీద మెరూన్ సరిగా పట్టదు.

ఈ బాక్సు వరకైతే నా ఓటు మూడోదానికే. ముదురు నేల, లేత అక్షరాలు, అంచున వత్తుల్లాంటి సన్న పని, మీదుమిక్కిలి సింగిల్ కలర్ మెషీన్. ఇలాంటి చోట తప్పుకి తావే లేకుండా చేయడం కంటే మంచి దారి లేదు. మెరూన్ షేడ్ ఇసుమంతైనా మారకూడదని పార్టీ పట్టుబడితే రెండో దారి, కొలిచి వేసిన ట్రాప్‌తో.

కానీ రంగులు మారితే తీర్పూ మారుతుంది. ఎరుపు పక్కన ఆకుపచ్చ ఉందనుకోండి. ఒకదాని కింద ఇంకొకటి పరిస్తే మట్టి రంగు వస్తుంది, మూడో దారి మూసుకుపోయినట్టే. ట్రాప్ వేసినా రెండూ దాదాపు సమానంగా ముదురువి కాబట్టి అంచంతా నల్లని గీతలా కనబడుతుంది. అప్పుడు డిజైన్‌లోనే ఆ గీతకు చోటివ్వడం నయం. నలుపు కూడా ఉన్న పనైతే అంచు మీద నల్ల గీత ఓవర్‌ప్రింట్ చేసి దాని కింద రెండు రంగుల్నీ కలిపేయవచ్చు. నలుపు లేకపోతే రెండు రంగుల మధ్య కావాలనే తెల్ల సందు వదలండి, కానీ 1 మిల్లీమీటరుకి తగ్గొద్దు. 0.35 సందు వదిలితే 0.15 తేడాకే ఒకవైపు 0.2, మరోవైపు 0.5 అయి, అది కావాలని వదిలినదని ఎవరూ అనుకోరు.

బాక్సు వెనక దినుసుల జాబితా మాత్రం ట్రాప్ దారిలో వెళ్తే మెరూన్ నేలలో పసుపు అక్షరాలుగా పెట్టొద్దు. పసుపు పట్టీ మీద మెరూన్ అక్షరాలు ఓవర్‌ప్రింట్ చేయండి. ఏడు పాయింట్ల అక్షరం గీత ఇంచుమించు రిజిస్ట్రేషన్ తేడా అంతే ఉంటుంది.