వారమా, 14 రోజులా, నెలకు రెండుసార్లా? ఓటీ ఉన్నచోట ఏ బట్వాడా మేలు?

నెల్లూరు తీరంలోని రొయ్యల ప్లాంట్లలోనూ చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలోనూ పని గంటలు ఒక్కలా ఉండవు. లోడు ఎక్కువ వచ్చిన రోజు పొద్దుపోయేదాకా పని, లేని రోజు తొందరగా ఇంటికి. ఇలాంటి చోట జీతం ఎన్నాళ్లకోసారి ఇస్తున్నారన్నదాని కంటే, ఆ గడువు ఏ రోజున తెగుతోందన్నదే ముఖ్యం. ఓటీ డబ్బు పోయేది ఎక్కువగా అక్కడే.

‘పదిహేను రోజుల బట్వాడా’ అని మనవాళ్లు రెండు వేర్వేరు పద్ధతులనూ అంటారు. ఒకటి సరిగ్గా 14 రోజులకోసారి ఇచ్చేది, ఏడాదికి 26 బట్వాడాలు. రెండోది 1 నుంచి 15 వరకు ఒకటి, 16 నుంచి నెలాఖరు వరకు ఇంకొకటి, ఏడాదికి 24. మొదటిదాంట్లో ఎప్పుడూ రెండు నిండు వారాలుంటాయి. రెండోదాంట్లో రెండో సగం ఫిబ్రవరిలో 13 రోజులకు తగ్గుతుంది, 31 రోజుల నెలలో 16కు పెరుగుతుంది. ఇక 15వ తేదీ వారంలో ఏ రోజైనా పడవచ్చు. వారంవారం బట్వాడా అయితే ఏడాదికి 52.

ఓటీని లెక్కగట్టేది వారాన్ని బట్టి. వారానికి 48 గంటలు దాటితే దాటిన గంటలకు రెట్టింపు కూలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో వారమంటే శనివారం అర్ధరాత్రి నుంచి ఏడు రోజులని ఉండేది. జీతం గడువు ఎక్కడ తెగినా ఈ వారం మాత్రం తెగకూడదు. నెలకు రెండుసార్లు ఇచ్చేచోట సరిగ్గా ఇదే తెగుతుంది.

2026 ఏప్రిల్ 15 బుధవారం. ఆ వారం 12 ఆదివారంతో మొదలై 18 శనివారంతో ముగుస్తుంది. ఆదివారం సెలవు, సోమవారం నుంచి శనివారం దాకా ఒక కూలీ రోజుకు 9 గంటల చొప్పున పనిచేశాడనుకుందాం. గంటకు 60 రూపాయలు. మొత్తం 54 గంటల్లో 6 గంటలు ఓటీ. కానీ మొదటి సగం మస్టరులో అతనికి కనిపించేది సోమ, మంగళ, బుధవారాల 27 గంటలే. రెండో సగంలో గురు, శుక్ర, శనివారాల 27. ఏ మస్టరు చూసినా 48 దాటలేదు. గుమాస్తా రెండు మస్టర్లనూ విడివిడిగా చూస్తే 54 గంటలకూ మామూలు కూలి కట్టి 3,240 ఇస్తాడు. రావలసింది 48 గంటలకు 2,880, ఓటీ 6 గంటలకు 720, మొత్తం 3,600. ఒక్క వారానికి 360 రూపాయలు పోయాయి, ఎవరికీ తెలియకుండానే. రోజుకు 8 గంటలు దాటిన ప్రతి గంటనూ ఏ రోజుకారోజు ఓటీగా రాసేచోట ఈ నష్టం రాదు. వారం మొత్తం మీద మాత్రమే ఓటీ చూసేచోట తప్పకుండా వస్తుంది.

దీనికి మందు ఉంది. ఓటీ ఎప్పుడూ ఆ వారం ముగిసే సగంలోకే వస్తుందని ముందే నిర్ణయించుకోవాలి. 15న మొదటి సగం మూసేటప్పుడు ఆ 27 గంటలకూ మామూలు కూలి 1,620 ఇచ్చేయాలి. రెండో సగం మస్టరులో ‘వెనకటి సగం నుంచి తెచ్చిన గంటలు’ అని ఒక గడి పెట్టి 27 అని రాయాలి. ఇది లెక్క కోసమే, దీనికి మళ్లీ డబ్బు కట్టకూడదు. ఆ తర్వాత 48 నిండడానికి 21 గంటలు, వాటికి 1,260. మిగిలిన 6 గంటలకు 720. రెండో సగంలో ఆ మూడు రోజులకు 1,980 వస్తుంది, రెండూ కలిపితే 3,600. ఈ గడి లేని మస్టరైతే 15వ తేదీయో నెలాఖరో శనివారం పడినప్పుడే ఆ కోత దగ్గర సరిగ్గా ఉంటుంది. మీ మస్టరు సంగతి తెలుసుకోవాలంటే, 15 వారం మధ్యలో పడిన నెల ఒకటి తీసి, ఆ వారం ఏడు రోజుల గంటలూ రెండు మస్టర్ల నుంచి కూడండి. 48 దాటి, ఓటీ గడి ఖాళీగా ఉంటే జవాబు దొరికినట్టే.

రాత్రి షిఫ్టుతో ఇంకో చిక్కు. 15 రాత్రి 10కి ఎక్కి 16 ఉదయం 6కి దిగినవాడి 8 గంటలు ఏ సగంలోవి? అర్ధరాత్రి దగ్గర కోసి 2 ఇటు, 6 అటు వేసేవాళ్లున్నారు. ఇది తప్పు. అర్ధరాత్రి తర్వాత చేసిన గంటలను ముందు రోజులోనే కలపాలని ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్ చెప్పింది, కొత్త కార్మిక స్మృతిలోనూ ఆ మాటే ఉంది. కాబట్టి ఎనిమిదీ 15వ తేదీవే. శనివారం రాత్రి షిఫ్టు కూడా ముగిసిన వారానికే చెందుతుంది. పంచింగ్ మెషిన్ రిపోర్టు 15 అర్ధరాత్రికే తీస్తే ఎక్కిన పంచ్ ఒక సగంలో, దిగిన పంచ్ ఇంకో సగంలో పడి, రెండుచోట్లా ‘మిస్ పంచ్’ అని వస్తుంది. షిఫ్టును ఎక్కిన తేదీకే కట్టి, రిపోర్టు 16 మధ్యాహ్నం తీస్తే ఆ గొడవ ఉండదు. అమెరికా క్లయింట్ల పేరోల్ చేసేవాళ్లు మాత్రం ఈ పద్ధతిని అక్కడికి మోసుకుపోకూడదు. అక్కడ వారమంటే యజమాని ముందే ఖాయం చేసిన 168 గంటలు. అది షిఫ్టు మధ్యలో ముగిస్తే గంటలను నిజంగానే అక్కడ కోస్తారు. ఓటీ కూడా 40 దాటగానే మొదలవుతుంది.

ఓటీకి వారంవారం బట్వాడా అన్నిటికంటే శుభ్రమైనది. జీతం గడువూ వారమూ ఒకటే కాబట్టి తెచ్చుకోవలసిన గంటలుండవు. కానీ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల స్మృతి ప్రకారం వారపు జీతాన్ని ఆ వారం ఆఖరి పనిదినానే, సెలవుకు ముందే ఇవ్వాలి. శనివారం సాయంత్రం కవర్లు పంచాలంటే శనివారం గంటలు ఇంకా నడుస్తూనే ఉంటాయి. ఆరోజు లోడు ఆలస్యంగా వచ్చిందంటే అంచనా మీద కట్టి తర్వాత సర్దుకోవాలి. పదిమంది ఉన్న యూనిట్‌లో పర్వాలేదు, మూడు వందల మంది ఉన్న ప్లాంటులో కుదరదు.

14 రోజుల పద్ధతికి ఈ ఇబ్బంది లేదు. పక్షం ముగిశాక రెండో రోజు లోపల ఇవ్వాలని చట్టం. ఏప్రిల్ 5 ఆదివారం నుంచి 18 శనివారం వరకు ఒక గడువైతే 20 సోమవారం లోపల ఇస్తే చాలు, గంటలు సరిచూసుకునేందుకు ఆదివారం దొరుకుతుంది. ఒక షరతుంది, 14 రోజులు ఆదివారంతోనే మొదలవ్వాలి. బుధవారంతో మొదలెడితే రెండు కొసలా వారం తెగి, నెలకు రెండుసార్లు ఇచ్చేదాని కంటే మెరుగేమీ ఉండదు. దీని కష్టం నెలాఖరులో ఉంది. తర్వాతి గడువు ఏప్రిల్ 19 నుంచి మే 2 దాకా. పీఎఫ్, ఈఎస్ఐ నెలవారీగా, తర్వాతి నెల 15 లోపల కట్టాలి కనుక ఏప్రిల్ 30 వరకు కూలిని ఏప్రిల్‌లో, మే 1, 2 తేదీల కూలిని మేలో వేరుచేసి చూపాలి. ఇది లెక్కలవాళ్ల పని, పెరిగినా కూలీ జేబుకు చిల్లు పడదు. అందుకే గంటల కూలీ, ఓటీ ఉన్న షెడ్డుకు 14 రోజులదే మేలంటాను. ఓటీ లేని ఆఫీసు సిబ్బందికి నెలకు రెండుసార్లు ఇచ్చినా ఏ నష్టమూ లేదు, నెల లెక్కా తేలిగ్గా సరిపోతుంది.

మారాలనుకుంటే నెలాఖరున మారండి. ఏప్రిల్ 30 గురువారం పాత పద్ధతిలో మూసి, మే 1, 2 తేదీలను రెండు రోజుల చిన్న గడువుగా పెట్టుకుని, ఏప్రిల్ 26 నుంచి 30 దాకా గంటలను అందులోకి ఆఖరుసారి తెచ్చుకుని ఆ వారం ఓటీ అక్కడే తేల్చేయాలి. మే 3 ఆదివారం నుంచి 14 రోజుల లెక్క మొదలవుతుంది. ఆ రెండు రోజుల కూలి కూడా 4వ తేదీకల్లా చేతికివ్వండి, పెద్ద బట్వాడాతో కలిపి ఆపకండి.