గేటు కెమెరాలు: మూడు కొటేషన్లలో మనకు ఏది మేలు?

కమిటీ పెద్దలకు, ఫ్లాట్ల వారందరికీ నమస్కారం.

2024 సంక్రాంతికి మన రెండో అంతస్తు వాళ్లు ఊరెళ్లి తొమ్మిది రోజుల తరవాత వచ్చారు. సెల్లార్లో పెట్టిన స్కూటర్ లేదు. అందరం వాచ్‌మన్ గదిలో రికార్డర్ ముందు కూర్చున్నాం. ఆ ఇంటి పెద్దాయన కుర్చీ అంచున కూర్చుని, "భోగి రోజు నుంచి చూపించు బాబూ" అన్నారు. వెనక్కి జరుపుతూ పోతే ఆరో రోజు దగ్గర తెర నల్లగా అయిపోయింది. అంతకు ముందుది ఏమీ లేదు. ఉన్న ఆరు రోజుల్లో స్కూటర్ బయటికి వెళ్లినట్టు కనపడలేదు, అంటే అంతకు ముందే పోయింది. నాలుగు కెమెరాలూ బాగానే పనిచేశాయి. కావలసిన రోజు మాత్రం మన దగ్గర లేదు.

ఆ రికార్డర్లో ఉన్నది 1 టీబీ డిస్క్. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపితే రోజుకు సుమారు 43 జీబీ అవుతుంది. నాలుగింటికీ కలిపి 173 జీబీ. 1,000 జీబీని దానితో భాగిస్తే ఆరు రోజులు కూడా రాదు. ఈ లెక్క పెట్టించిన రోజున ఎవరూ చేయలేదు, నేనూ చేయలేదు. ఆ తరవాత సెప్టెంబరులో బుడమేరు నీళ్లు పాయకాపురంలోకి వచ్చినప్పుడు సెల్లార్‌తో పాటు ఆ రికార్డరూ మునిగింది. అప్పటి నుంచి గేటుకు కెమెరా లేదు.

ఇప్పుడు మన చేతిలో మూడు కొటేషన్లు ఉన్నాయి. మొదటిది పాత పద్ధతి: కోయాక్సియల్ వైరు, డీవీఆర్ అనే రికార్డర్, 5 మెగాపిక్సెల్ కెమెరాలు నాలుగు, 2 టీబీ డిస్క్. మొత్తం 28,500 రూపాయలు. రెండోది ఐపీ కెమెరాలు నాలుగు, ఒకే నెట్‌వర్క్ వైరులో కరెంటు, బొమ్మ రెండూ వెళ్లే పీవోఈ స్విచ్, 6 టీబీ డిస్క్, చిన్న యూపీఎస్. మొత్తం 66,000. మూడోది వైఫై కెమెరాలు నాలుగు, ఒక్కోదానికి 128 జీబీ కార్డు, 16,000. నలభై ఫ్లాట్లకు పంచితే వరసగా 712, 1,650, 400 రూపాయలు.

మూడోదాన్ని ముందే పక్కన పెట్టేద్దామని నా అభిప్రాయం. నాణ్యత సగానికి తగ్గించినా ఆ కార్డులో ఆరు రోజులకు మించి నిలవదు. అంటే సంక్రాంతి నాటి కథే మళ్లీ. పైగా కార్డు కెమెరాలోనే ఉంటుంది, కెమెరా పీక్కుపోయినవాడు సాక్ష్యాన్ని కూడా పట్టుకుపోతాడు. క్లౌడ్ తీసుకుంటే నెలనెలా చందా కట్టాలి, అది ఈ 16,000లో లేదు. ఇంట్లో పసిపిల్లను చూసుకోవడానికి అవి మంచివే కానీ, నలభై కుటుంబాల గేటుకు సరిపోవు.

అసలు పోటీ మొదటిదానికీ రెండోదానికీ. ఇక్కడ అమ్మేవాళ్లు చెప్పేదాన్ని కొంచెం తగ్గించి వినాలి. "ఐపీ అయితే క్లారిటీ వేరు సార్" అంటారు. గేటు దగ్గర క్లారిటీ తేల్చేది మెగాపిక్సెల్ కన్నా ముందు లెన్సు. మూడు కొటేషన్లలోనూ 2.8 ఎంఎం లెన్సే రాశారు. అది వెడల్పుగా, దాదాపు వంద డిగ్రీలు చూస్తుంది. మన గేటుకు ఐదు మీటర్ల దూరంలో పెడితే దాదాపు పన్నెండు మీటర్ల వెడల్పు పడుతుంది, గేటుతో పాటు ఎదుటి గోడ, రోడ్డు, టీ బడ్డీ అన్నీ. బండి వెనక నంబరు ప్లేటు 20 సెంటీమీటర్లే. 4 మెగాపిక్సెల్ కెమెరాలో దానికి దక్కేది నలభై పైచిలుకు చుక్కలు, అందులోనే రెండు వరసల అక్షరాలు. పగలే కష్టం, రాత్రి అసలు రాదు. అదే చోట 6 ఎంఎం లెన్సు పెడితే వెడల్పు నాలుగున్నర మీటర్లకు తగ్గుతుంది. మన గేటు పద్నాలుగు అడుగులు, సరిగ్గా పడుతుంది. ప్లేటుకు నూట పది చుక్కలు దక్కుతాయి, చదవొచ్చు. కాబట్టి ఏ కొటేషన్ తీసుకున్నా గేటుకు లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి 6 ఎంఎం ఉండాలి. మిగతా రెండు, నడిచి వచ్చే చిన్న గేటుకూ సెల్లార్ ర్యాంపుకూ, 2.8 ఎంఎంవే పెట్టుకోవచ్చు.

రాత్రి ఇంకో చిక్కుంది. ఇప్పుడొస్తున్న హైసెక్యూరిటీ ప్లేట్లు వెలుతురును తిప్పికొడతాయి. కెమెరా తన ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేయగానే ప్లేటు తెల్లటి రేకులా మెరిసిపోతుంది, అక్షరాలు మాయం. దీనికి షట్టర్ వేగాన్ని చేత్తో పెంచాలి, గేటు దగ్గర మామూలు ఎల్ఈడీ లైటు కూడా ఒకటి వెలుగుతూ ఉండాలి. రెండో కొటేషన్లోని మోడల్లో షట్టర్ మార్చే వీలుంది. మొదటిదాంట్లో లేదని ఆ షాపు అబ్బాయే చెప్పాడు. నాకు రెండోది మేలనిపించడానికి పెద్ద కారణం ఇదే.

రెండో కారణం కరెంటు. మొదటి పద్ధతిలో ఒక్కో కెమెరాకు పవర్ వైరు, గేటు దగ్గర అడాప్టర్ డబ్బా ఉంటాయి. వానాకాలంలో ముందు పోయేవి ఆ జాయింట్లే. పీవోఈలో కరెంటు లోపలి స్విచ్ నుంచే వెళ్తుంది, ఒక్క యూపీఎస్ అన్నిటినీ నిలబెడుతుంది. నెట్‌వర్క్ వైరు వంద మీటర్లు దాటితే పనిచేయదు, కానీ మన గేటు నుంచి మొదటి అంతస్తు ఆఫీసు గదికి నలభై మీటర్లే. రికార్డర్ ఆ గదిలోనే ఉండాలి, సెల్లార్లో వద్దే వద్దు. వరద చూసినవాళ్లకు ఇది మళ్లీ చెప్పనక్కర్లేదు.

66,000 ఇప్పుడు కష్టం అంటే మధ్యేమార్గం ఉంది. మొదటి కొటేషన్లోనే 6 టీబీ డిస్క్, 6 ఎంఎం లెన్సులు వేయించుకుంటే 42,000 దగ్గర తేలుతుందని షాపువాళ్లు చెప్పారు. అప్పుడు ఆ డీవీఆర్ అంత పెద్ద డిస్కును తీసుకుంటుందో లేదో కాగితం మీద రాయించుకోవాలి, కొన్ని చిన్న మోడళ్లు తీసుకోవు. రాత్రి నంబర్లు కొన్ని తప్పిపోతాయి, మనుషులు కనిపిస్తారు. ఖరీదైన కెమెరాలు కొని చిన్న డిస్క్ పెట్టుకోవడం కన్నా ఇది ఎంతో నయం. ఏది కొన్నా ఆ మోడల్ ప్రభుత్వ భద్రతా పరీక్ష పాసైనట్టు ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ ఉందో లేదో బిల్లుతో పాటు అడగండి. 2025 ఏప్రిల్ నుంచి కొత్త కెమెరాలకు ఆ పరీక్ష తప్పనిసరి చేశారు.

ఇక ఎన్ని రోజులు ఉంచాలి? నేను ముప్ఫై అంటాను. జనం గుమిగూడే వ్యాపార స్థలాలకు మన రాష్ట్ర 2013 ప్రజా భద్రత చట్టం పెట్టిన గడువూ ముప్ఫై రోజులే. సెలవులకు ఊరెళ్లి వచ్చినవాళ్లకు సరిపోతుంది. 6 టీబీలో 34 రోజులు పడతాయి కదా, ఉండనిద్దాం అనుకోవద్దు. రికార్డర్లో గడువు ముప్ఫై అని పెడితే ఆపైన అదే చెరిపేస్తుంది. ఏదైనా జరిగితే ఆ ముక్క వరకు కాపీ తీసి విడిగా దాచాలి, కేసు ముగిసేదాకా.

నాకు కెమెరా కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది ఫుటేజ్ ఎవరు చూస్తారన్నది. పాత కెమెరాలున్న రోజుల్లో ఒక అమ్మాయి రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చిన క్లిప్ మన వాట్సాప్ గ్రూపులో తిరిగింది. "ఎవరింటి పిల్ల?" అని అడిగినవాళ్లున్నారు. వాళ్లమ్మ వారం రోజులు లిఫ్టులో ఎవరి ముఖమూ చూడలేదు. ఆ పిల్ల ఆఫీసు నుంచి వచ్చింది, అంతే. ఆ తప్పు మళ్లీ జరగకూడదు.

అందుకని, లైవ్ ఫీడ్ ఎవరి ఫోన్లోనూ ఉండకూడదు, అధ్యక్షుడి ఫోన్లో అయినా సరే. వాచ్‌మన్ గదిలో గేటు బొమ్మ వరకే కనిపించే ఒక తెర, వెనక్కి తిప్పే హక్కు లేకుండా. రికార్డు చూడాలంటే కార్యదర్శి, ఒక మహిళా సభ్యురాలు ఇద్దరూ ఉండాలి. పాస్‌వర్డులో సగం ఒకరి దగ్గర, సగం ఇంకొకరి దగ్గర. అడిగినవారు రాతపూర్వకంగా తేదీ, సమయం, కారణం చెప్పాలి. ఎవరు చూశారో పుస్తకంలో సంతకం పెట్టాలి. పనివాళ్లు ఎన్ని గంటలకు వచ్చారని లెక్క తీయడానికి దీన్ని వాడకూడదు. వాళ్లు మన గేటులోంచి రోజూ వస్తారు, వాళ్ల ముఖమూ వాళ్లదే. పోలీసులు అడిగితే రాతపూర్వక నోటీసు తీసుకుని ఇద్దాం. ఆ కాపీ కోర్టులో నిలబడాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి.

మాట రికార్డు చేసే మైకు ఆపేయాలి. గేటు దగ్గర నిలబడి మాట్లాడుకునేవి మనకెందుకు? ఎదుటి ఇంటి వరండా, గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు తలుపు పడే చోట నల్ల ముసుగు వేసే సెట్టింగు ఉంటుంది, అది వేయించి ఆ ఇళ్లవాళ్లను పిలిచి తెర మీద చూపించాలి. "ఇక్కడ కెమెరాలు ఉన్నాయి, రికార్డు ముప్ఫై రోజులు ఉంటుంది, ఎవరిని అడగాలో" తెలుగులో రాసిన బోర్డు గేటుకు కట్టాలి. 2023 వ్యక్తిగత డేటా చట్టంలో ఇంటి అవసరానికి వాడుకునే వ్యక్తికే మినహాయింపు ఉంది, అసోసియేషన్ అలా తప్పించుకోలేదు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. ఇప్పుడే సరిగ్గా పెట్టుకుంటే తరవాత మార్చుకునే బాధ ఉండదు.

కమిటీని నేను కోరేది రెండో కొటేషన్, 6 ఎంఎం లెన్సులు రెండు మార్చి. డబ్బులో 15,000 చివరికి ఆపి ఉంచుదాం. రాత్రి తొమ్మిదిన్నరకు నేను నా బండి హెడ్‌లైటు వేసుకుని గేటులోంచి వెళ్లి వస్తాను, ఆ తరవాత ఒక కారు, ఒక సైకిల్. మూడింటినీ రికార్డులో వెనక్కి తీసి చూపించమందాం. రెండు ప్లేట్లూ చదవగలిగి, సైకిల్ మీది మనిషి ముఖం పోల్చుకోగలిగి, తెర మీది గడియారం మన ఫోన్ టైముతో సరిపోతే ఆ 15,000 ఇచ్చేద్దాం. ముప్ఫై రోజుల తరవాత ఇరవై తొమ్మిదో రోజు వెనకటి తెల్లవారుజాము రెండు గంటలు తెరిచి చూద్దాం. ఆ తరవాత నెలకోసారి మొదటి ఆదివారం అదే పని. మొదటి ఆరు నెలలు ఆ పుస్తకం నేను రాస్తాను.