ఒకే వ్యాసం, నాలుగు ఏఐ డిటెక్టర్లు: స్కోర్లు ఎందుకు కలవవు

విద్యార్థుల ఇంగ్లిష్ వ్యాసాలు దిద్దే పనిలో, రాసింది మనిషా ఏఐనా అని అంచనా వేసే నాలుగు ఏఐ డిటెక్టర్లను చాలాకాలంగా పక్కపక్కనే పెట్టి వాడుతున్నాను. వాటి పేర్లు ఇక్కడ చెప్పను. కంపెనీలు లోపలి మోడల్‌ను మారుస్తూనే ఉంటాయి కాబట్టి, ఇవాళ ఒక పేరు మీద ఇచ్చే తీర్పు కొన్ని నెలలకే పాతబడుతుంది. ఏ రకం డిటెక్టర్ ఏం కొలుస్తుందో తెలిస్తే మాత్రం ఎప్పటికైనా పనికొస్తుంది.

గ్రంథాలయాల అవసరం మీద ఒక విద్యార్థిని రాసిన వ్యాసం తీసుకుంటాను. మొత్తం 40 వాక్యాలు. ఆమె ఆన్‌లైన్ డాక్యుమెంట్‌లోనే మొదటినుంచీ టైప్ చేసింది కాబట్టి వెర్షన్ హిస్టరీలో ఒక్కో వాక్యం ఎలా పెరిగిందో, ఎక్కడ చెరిపి మళ్లీ రాసిందో అంతా కనిపిస్తోంది. రాసింది ఆమే అనడంలో సందేహం లేదు. చివర్లో గ్రామర్ టూల్‌తో తప్పులు దిద్దుకుంది, అంతే. ఆ వ్యాసానికి మొదటి డిటెక్టర్ 92 శాతం ఏఐ అంది. రెండోది 18 శాతం అంది. మూడోది అంకె ఇవ్వకుండా "చాలావరకు ఏఐ" అంది. నాలుగోది సున్నా చూపించింది.

చూడగానే 92కీ 18కీ పొంతనే లేదనిపిస్తుంది. కానీ ఆ రెండు అంకెలూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. రెండో డిటెక్టర్ వాక్యాలను లెక్కపెడుతుంది. 40లో 7 వాక్యాల మీద దానికి అనుమానం వచ్చింది, అది 17.5 శాతం, తెర మీద 18 అయింది. మొదటిది లెక్కపెట్టేది వాక్యాలను కాదు. ఈ వ్యాసంలో ఏఐ చెయ్యి ఉందని తనకు ఎంత నమ్మకమో అది చెబుతోంది. 92 అంటే వ్యాసంలో నూటికి 92 వంతులు యంత్రం రాసిందని అర్థం కాదు. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలయ్యాయి. రెండు చోట్లా శాతం గుర్తు ఒకటే కావడంతో, పెద్ద అంకె చూసినవాళ్లు దాన్నే పట్టుకుంటారు.

అంకెల అర్థం తేలాక, అసలు అనుమానం ఎందుకు వచ్చిందో చూడాలి. దీనికి నేను వాడే పద్ధతి సులువైనదే: వ్యాసంలో ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, నాలుగింటిలోనూ మళ్లీ వేయడం. ముందు మొదటి పేరా, చివరి పేరా తీసేశాను. మొదటి డిటెక్టర్ 92 నుంచి 31కి దిగింది. రెండోది పట్టిన 7 వాక్యాల్లో 5 ముగింపులో, 2 ప్రారంభంలో ఉన్నాయి కాబట్టి అది సున్నాకు వచ్చేసింది. అంటే పైకి అంత తేడాగా కనిపించిన ఈ రెండూ చూపించింది ఒకే చోటును. ఆ పేరాల్లో ఉన్నవి "ప్లేస్ ఎ క్రూషియల్ రోల్ ఇన్", "ఇన్ కన్‌క్లూజన్" లాంటి వాక్యాలు. పరీక్షలకు తయారయ్యే ప్రతి విద్యార్థికీ ఇలాగే మొదలుపెట్టు, ఇలాగే ముగించు అని మనమే నేర్పిస్తాం. ఏఐ కూడా అలాంటి వాక్యాలే ఎక్కువగా రాస్తుంది. అక్కడ డిటెక్టర్‌కు మనిషినీ యంత్రాన్నీ వేరు చేసే ఆధారమే దొరకదు.

మూడో డిటెక్టర్ మాత్రం ఆ రెండు పేరాలు తీసినా మాట మార్చలేదు. అది ప్రధానంగా పర్‌ప్లెక్సిటీ మీద నడుస్తుంది. వాక్యంలో తర్వాత ఏ మాట వస్తుందో ఒక భాషా మోడల్ ఎంత తేలిగ్గా ఊహించగలదో చూడటమే ఈ లెక్క. ఊహకు తేలిగ్గా అందితే ఏఐ వైపు, అందకపోతే మనిషి వైపు మొగ్గుతుంది. అందుకే వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి, గ్రామర్ టూల్ వాడకముందు ఉన్న ప్రతిని తీసి వేశాను. ఈసారి "మనిషి రాసినది" అంది! మొదటిది 92 నుంచి 84కి వచ్చింది, రెండో దానిలో మార్పే లేదు. ఆలోచన, పేరాల క్రమం, ఉదాహరణలు అన్నీ అవే. మారినవల్లా ఆర్టికల్స్, ప్రిపొజిషన్లు, కర్తకు క్రియ కుదరని చోట్లు. తప్పు ప్రిపొజిషన్‌ను మోడల్ ఊహించలేదు కనుక తప్పులున్నంతసేపూ ఆమె మనిషి. దిద్దుకోగానే యంత్రం అయిపోయింది. శ్రద్ధగా సరిచూసుకున్న అమ్మాయికే దెబ్బ తగలడం నాకు చాలా బాధ కలిగించింది.

ఈ లెక్కలో ఇంకో చిక్కు, ఊహించే పని ఏ మోడల్ చేత చేయిస్తున్నారన్నది. పాత, చిన్న మోడల్‌కు కష్టంగా తోచిన వాక్యం పెద్ద మోడల్‌కు మామూలుగా ఉండొచ్చు. ఒకే సూత్రం వాడే రెండు డిటెక్టర్లు కూడా విడిపోవడానికి అదొక్కటే చాలు. పైగా మోడల్‌కు నేర్పడానికి వాడిన ట్రైనింగ్ డేటాలో పదేపదే వచ్చిన రాత ఎవరిదైనా తేలిగ్గా ఊహకు అందుతుంది. అమెరికా రాజ్యాంగాన్ని డిటెక్టర్లు ఏఐ రాతగా చూపించిన ఉదంతం అలాంటిదే.

నాలుగోది సున్నా చూపించిందని దాన్ని నెత్తిన పెట్టుకోలేం. అమాయకుల మీద నింద పడకూడదని ఏఐ అని తేల్చే గీతను దానిలో చాలా ఎత్తులో పెట్టారు, గట్టి నమ్మకం కుదిరితే తప్ప నోరు విప్పదు. ఏఐ చేత రాయించి, సగం వాక్యాలు చేత్తో మార్చిన వ్యాసం ఇచ్చి చూశాను. దానికీ సున్నానే. దాని భాషలో సున్నా అంటే "నేను నేరం మోపను" అని మాత్రమే. గీతను కిందికి జరిపితే దొంగలు ఎక్కువ దొరుకుతారు, అమాయకులూ ఎక్కువే చిక్కుతారు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో తెచ్చిన సొంత డిటెక్టర్, ఏఐ రాతల్లో 26 శాతాన్నే పట్టుకుని, మనుషుల రాతల్లో 9 శాతం మీద తప్పుగా ముద్ర వేసింది. ఈ లెక్కలు ఆ కంపెనీ స్వయంగా చెప్పినవే. అదే ఏడాది జులైలో, కచ్చితత్వం తక్కువని దాన్ని వెనక్కి తీసుకుంది.

"సరే, మూడు డిటెక్టర్లు ఒకే మాట చెబితే నమ్మొచ్చు కదా" అని తోటి ఉపాధ్యాయులు అడుగుతుంటారు. అన్నీ దాదాపు ఒకే రకం గుర్తులను చూస్తున్నప్పుడు మూడు సాక్ష్యాలు మూడు కావు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షకు రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చారు. కనీసం ఒక డిటెక్టరైనా ఏఐ అన్నవి 97.8 శాతం, ఏడూ కలిసికట్టుగా ఏఐ అన్నవి 19.8 శాతం. అంటే 18 వ్యాసాల మీద ఏడుకు ఏడూ ఏకగ్రీవంగా తప్పు చెప్పాయి. ఆ వ్యాసాల పర్‌ప్లెక్సిటీ తక్కువగా ఉండటమే అందుకు కారణంగా తేలింది. పరిమితమైన పదాలతో జాగ్రత్తగా రాసేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

నాలుగింటిలో నేను ఇప్పటికీ రోజూ తెరిచేది రెండోదే. అనుమానం ఎక్కడో వాక్యం మీద రంగు వేసి చూపిస్తుంది కాబట్టి, ఆ వాక్యం పట్టుకుని విద్యార్థితో మాట్లాడొచ్చు. మొదటి దాని అంకెను ఎవరికీ చూపించడం మానేశాను. మూడోది గ్రామర్ టూల్ వాడిన వ్యాసాలకు పనికిరాదు, వాడకముందు ప్రతి దొరికితేనే వేస్తాను. ఏదైనా సరే, వేసేముందు రిఫరెన్సులు, కొటేషన్లు, శీర్షికలు తీసేయాలి. ఒక డిటెక్టర్ వాటిని లెక్కలోకి తీసుకుని, ఇంకోటి వదిలేస్తే అక్కడే స్కోర్లు విడిపోతాయి. చిన్న జవాబులకైతే నేను అసలు వాడను. కాలేజీలు ఎక్కువగా వాడే టర్నిటిన్ కూడా కనీసం 300 పదాలు ఉంటేనే స్కోరు ఇస్తుంది, 1 నుంచి 19 శాతం మధ్య వస్తే అంకె బదులు నక్షత్రం గుర్తు చూపిస్తుంది. స్కోరు రాసుకునేటప్పుడు పక్కన తేదీ, ఏ ప్రతిని వేశానో కూడా రాస్తాను, లేకపోతే తర్వాత అదే వ్యాసానికి వేరే అంకె వచ్చినప్పుడు మారింది వ్యాసమో డిటెక్టరో చెప్పలేం.