మూడు యాప్‌లు, మూడు బాకీలు: గూగుల్ షీట్ పద్దు ఎంతవరకు పనికొచ్చింది?

‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ బాకీల లెక్కకు ఎస్సెమ్మెస్‌లు చదివే ట్రాకర్ యాప్‌లూ వాడాను, గూగుల్ షీట్‌లో చేత్తో రాసే పద్దూ వాడాను. చివరికి నిలిచింది షీటే. ట్రాకర్ యాప్ బిల్లు మెసేజ్‌ని ఒక బాకీగా, రెండు రోజుల తర్వాత వచ్చే గుర్తుచేసే మెసేజ్‌ని ఇంకో బాకీగా కలిపేసేది. షీటుకు ఆ తెలివితేటలు లేవు, అదే దాని సుగుణం.

ఒకే బాకీకి మూడు యాప్‌లు చూపే అంకెలు ఎందుకు కలవవో ఒక లెక్కలో చూడండి. ఒంగోలు కర్నూల్ రోడ్డులో బట్టల షాపులో పనిచేసే మనిషి అనుకుందాం. బిల్లు ఒకటో తేదీన వస్తుంది, గడువు 5. మూడో తేదీన షాపింగ్ యాప్ ₹4,860 అంటుంది, అప్పిచ్చిన సంస్థ యాప్ ₹3,410 అంటుంది, క్రెడిట్ స్కోర్ యాప్ ₹5,169 అంటుంది. మూడూ నిజమే. పోయిన నెల కొనుగోళ్లు ₹2,150, ఒక ఈఎంఐ ₹1,260, కలిపితే ₹3,410. ఐదో తేదీకి కట్టాల్సింది ఇదే. షాపింగ్ యాప్ దీనికి ఒకటో తేదీ తర్వాత కొన్న ₹1,450 కలిపింది, దాని బిల్లు ఇంకా రాలేదు. స్కోర్ యాప్‌ది పోయిన నెల 15 నాటి బొమ్మ: అప్పటికి కొన్న ₹1,500, మిగిలిన మూడు ఈఎంఐల అసలు ₹3,669. సంస్థలు క్రెడిట్ బ్యూరోలకు రోజూ కాక విడతలవారీగా వివరాలు పంపుతాయి కాబట్టి అది ఎప్పుడూ కొంత పాతదే. గడువు మొత్తం కోసం దాన్ని చూడడం దండగ. మీ పేరున ఏయే సంస్థల్లో ఎన్ని ఖాతాలున్నాయో తెలుసుకోవడానికి మాత్రం అంతకంటే మంచిది లేదు.

ఇక్కడే రీఫండ్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. పై బిల్లులో ₹650 చెప్పులు వాపసు ఇచ్చేశారనుకోండి, షాపింగ్ యాప్‌లో ‘రీఫండ్ పూర్తయింది’ అని కనిపిస్తుంది. అది చూసి ₹2,760 కడితే, అప్పు సంస్థ పుస్తకాల్లో ₹650 గడువు దాటినట్టే. వాళ్ల ఖాతాలో జమ పడనంతవరకు ఆ రీఫండ్ లేనట్టే లెక్క. పూర్తిగా ₹3,410 కట్టాలి, ₹650 తర్వాతి బిల్లులో తగ్గిందో లేదో చూసుకోవాలి.

అందుకే షీట్‌లో యాప్‌కో వరుస కాదు, అప్పు ఖాతాకో వరుస పెట్టాలి. ఒకే యాప్ వెనక ఇద్దరు అప్పులవాళ్లు ఉండొచ్చు. అసలు పేరు అప్పు తీసుకున్నప్పుడు ఇచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. A లో సంస్థ, B లో ఖాతా చివరి నాలుగంకెలు, C లో గడువు పూర్తి తేదీ, D లో బిల్లు, E లో కట్టింది, F లో ఆలస్య రుసుము, G లో ఇంకా కట్టాల్సిన మిగులు, H లో హెచ్చరిక. రీఫండ్, ప్రతి చెల్లింపుకూ గుర్తుగా వచ్చే యూటీఆర్ నంబరు పక్కన విడిగా రాయాలి, మిగులులోంచి తీసేయకూడదు.

```
G2: =D2+F2-E2
H2: =IF(AND(G2>0,TODAY()>=C2-3),"కట్టాలి","")
```

మూడు రోజుల ముందు అని పెట్టడానికి కారణం ఆటో డెబిట్. డబ్బు లాగమనే ఆదేశం గడువుకు ముందే బ్యాంకుకు వెళ్లిపోతుంది. ఐదో తేదీ పొద్దున యూపీఐలో కడితే అదే రోజు రెండోసారి కూడా కోత పడొచ్చు. కట్టేదుంటే కనీసం రెండు పనిదినాల ముందు కట్టాలి, లేదంటే ఖాతాలో డబ్బుంచి వదిలేయాలి. ఆదివారమైనా, సంక్రాంతైనా ఆగదు, బ్యాంకుల మధ్య ఈ ఆటో డెబిట్లు నడిపే నాచ్ వ్యవస్థ 2021 ఆగస్టు నుంచి అన్ని రోజులూ నడుస్తోంది. మన దగ్గర రొయ్యల ప్లాంట్లలోనూ షాపుల్లోనూ జీతం ఏడో, పదో తేదీన పడేవాళ్లకు ఐదో తేదీ గడువు సరిగ్గా చేదు. గడువు తేదీ మార్చే వీలుందేమో ముందే అడగాలి, ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగివెళ్లాక కాదు.

తిరిగివెళ్తే రెండు కోతలు: అప్పు సంస్థ ఆలస్య రుసుము, మీ బ్యాంకు రిటర్న్ ఛార్జీ. బ్యాంకుదాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. సంస్థ వేసే జరిమానా రుసుముపై జీఎస్టీ లేదని 2025 జనవరి 28 నాటి సర్క్యులర్ తేల్చింది. ఆ రుసుమును అసలులో కలిపి వడ్డీ వేయడాన్నీ రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టు ఆదేశాలు ఒప్పుకోవు. తర్వాతి బిల్లులో రుసుము విడి వరుసగా కాకుండా అసలులో కలిసి కనిపిస్తే అనుమానించాలి. షీట్‌లో D, F వేరుగా ఉన్నందుకే ఇది దొరుకుతుంది. సంస్థ ఫిర్యాదుల అధికారికి యూటీఆర్‌తో సహా రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవచ్చు.

షీటుకున్న పెద్ద లోటు ఒకటే. ఒకటో తేదీన కూర్చుని D నింపకపోతే H ఖాళీగానే ఉంటుంది, ఖాళీ చూసి ఏ బాకీ లేదనుకుంటాం. దానికి ఫోన్‌లో ప్రతి నెలా రెండో తేదీకి అలారం పెట్టుకోవడం తప్ప వేరే మందు కనబడలేదు. రెండుకు మించి ఖాతాలున్నవాళ్లకు ఈ శ్రమ గిట్టుబాటే. ఒక్కటే ఉంటే అప్పు సంస్థ యాప్‌లోని బిల్లు చాలు.