కూర కప్పు లెక్క: రెండింతలు వేయడమా, తూకం వేయడమా?

మా అపార్ట్‌మెంట్‌లో మధ్యాహ్నం కూరలు అమ్మడం మొదలుపెట్టినప్పటి నుంచి అందరూ అడిగేది ఒకటే. "అక్కా, కప్పు రేటు ఎలా కడతావు? సరుకు ఖర్చుకు రెండింతలు వేసుకుంటే సరిపోతుందా?" నేనూ మొదటి ఏడాదంతా అలాగే వేశాను. ఇప్పుడు వండాక తూచి కడుతున్నాను. రెండూ చేసి చూశాను కాబట్టి తేడా చెప్పగలను.

రెండింతల లెక్కలో సుఖం ఉంది. బెండకాయ వేపుడే చూడండి. రెండు కిలోల బెండకాయలు 80 రూపాయలు, నూనె 40, పల్లీలు, వెల్లుల్లి, కారం, కరివేపాకు కలిపి 30. మొత్తం 150. రెండింతలు అంటే 300. పది కప్పులు వస్తాయనుకుంటే కప్పు 30. నోటి లెక్కతో అయిపోతుంది, పొద్దున్నే టెన్షన్ ఉండదు. గ్యాస్, డబ్బాలు ఆ రెండో ఇంతలో సర్దుకుపోతాయని ధీమా.

"పది కప్పులు వస్తాయనుకుంటే" అన్నానే, చిక్కంతా అక్కడే. ముచ్చికలు, కొసలు కోసి, ముదురుకాయలు ఏరేస్తే రెండు కిలోల్లో కిలో ఏడొందలు మిగిలాయి. వేగేసరికి నీరంతా పోయి, నూనె, పల్లీలతో కలిపి సరిగ్గా కిలో తూగింది. కప్పుకి వంద గ్రాములైతే పది కప్పులే. కానీ ఆ రోజు నాకు వచ్చినవి ఎనిమిది. నింపిన కప్పులు తూచి చూస్తే ఒక్కోటి 125 గ్రాములు! గరిటెతో వేస్తుంటే, పై అంతస్తు పెద్దావిడ డబ్బా అనుకోగానే చెయ్యి ఇంకాస్త వంగుతుంది.

సరుకు 150, గ్యాస్ సుమారు 10, మూడేసి రూపాయల డబ్బాలు ఎనిమిదికి 24, మొత్తం 184. ఎనిమిదిలో ఒకటి మిగిలిపోయింది. ఏడు అమ్మితే 210 వచ్చాయి, చేతికి మిగిలింది 26 రూపాయలు. పది కప్పులూ నిండి, పదీ అమ్ముడైతే 110 మిగలాలి. నా కష్టానికి కూలి ఇందులో కట్టనే లేదు.

అందుకే నేను తూకం వైపు మొగ్గుతాను. వంట గిన్నెల అడుగున వాటి ఖాళీ బరువు మార్కర్‌తో రాసిపెట్టుకున్నాను. దించగానే గిన్నెతో సహా తూచి, ఆ బరువు తీసేస్తే కూర ఎంతో తెలుస్తుంది. కప్పు నింపేటప్పుడు ఖాళీ డబ్బాను కాటా మీద పెట్టి సున్నా చేసి, వంద దాటకుండా వేస్తాను. రెండు కిలోలకి కిలో వస్తుందని ఒకసారి తెలిశాక, బజారులో రేటు మారినా అంకె ఒక్కటి మార్చుకుంటే చాలు. కాయ ముదురుగా దొరికే రోజుల్లో మాత్రం మళ్లీ తూచాలి. పప్పు, సాంబారు లాంటివాటికి కాటా కంటే కొలత గిన్నె మేలు.

నెలాఖరున మొత్తం ఖర్చు, మొత్తం రాబడి చూసుకునే పద్ధతి కూడా ఉంది. సిలిండర్ ఎన్ని రోజులు వచ్చింది, నూనె ఎంత అయింది అనేవాటికి అది బాగానే పనికొస్తుంది. కానీ డబ్బు తగ్గిందని చెబుతుందే తప్ప, గరిటెలో పోయిందో మిగిలిన కూరలో పోయిందో చెప్పదు. ఫోన్లో యాప్‌లు అంటారా, చేతికి పిండి ఉన్నప్పుడు నాతో కాలేదు.

వృథాకి పొయ్యి పక్కన ఒక చీటీ తగిలించాను. అందులో రెండే గడులు: గరిటెలో ఎక్కువ పడింది, అమ్ముడుపోక మిగిలింది. ముచ్చికల తరుగు రాయను, వండాక తూచినప్పుడే అది లెక్కలోకి వచ్చేసింది. మళ్లీ రాస్తే ఒకే నష్టం రెండుసార్లు పడుతుంది. మిగిలిన గడి దగ్గరే ఇంట్లో గొడవ. "రాత్రికి మనమే తిన్నాం కదే, వృథా ఏముంది?" అంటారు మా అత్తయ్య. తిన్నా రాస్తాను. అయితే 30 రూపాయలని కాదు, చేయడానికి అయిన ఖర్చే, అంటే కూరకి 16, డబ్బాకి 3. ఆ రాత్రి వండబోయే కూర తప్పింది కదా అని అది చీటీలోంచి కొట్టేస్తే, ఎంత ఎక్కువ వండుతున్నామో ఎప్పటికీ తేలదు.

మూడు వారాల చీటీలు పక్కపక్కన పెడితే సోమవారాలే వేపుడు మిగులుతోందని కనిపించింది. ఆదివారం మాంసం కూర మిగిలిన ఇళ్లవాళ్లు సోమవారం కొనరని తర్వాత వాకబు చేస్తే తెలిసింది. ఇప్పుడు సోమవారానికి బెండకాయలు కిలోన్నరే తెస్తున్నాను.